పివట్ మీద డబుల్ క్లిక్ చేస్తే పేర్లన్నీ బయటికొచ్చాయి: నెలవారీ హాజరు, సెలవుల రిపోర్టు మీరెలా పంపుతున్నారు?

పటాన్‌చెరు_శ్రావణి

అందరికీ నమస్కారం. తప్పు నాదే, ముందే ఒప్పుకుంటున్నాను. ఎలా సరిచేయాలో చెప్పండి చాలు.

మాది పంపుల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీ. 144 మంది. హెచ్‌ఆర్‌లో మేం ఇద్దరం, ఆ లెక్కలో లేం. నెల మొదట్లో బయోమెట్రిక్ సాఫ్ట్‌వేర్ నుంచి పంచింగులు, మా సెలవుల రిజిస్టరు రెండూ ఒక ఎక్సెల్ ఫైల్లోకి వచ్చి కలుస్తాయి. ఒకటో తారీఖు పొద్దున ఆరింటికి మాక్రో దానంతటదే నడిచి, పివట్ టేబుల్ రిఫ్రెష్ చేసి, అయిదుగురు హెచ్‌ఓడీలకు, జీఎం గారికి, జీతాలు వేసే ఏజెన్సీకి ఒకటే ఫైలు మెయిల్ చేస్తుంది. ఇది పెట్టుకోకముందు నాకు రెండు రోజులు పట్టేది.

పేర్లు కనబడకూడదని రా డేటా షీటు డిలీట్ చేసే పంపేదాన్ని. పివట్‌లో డిపార్ట్‌మెంటు, సెలవు రకం, రోజులు తప్ప ఇంకేమీ ఉండవు. మొన్న ఒక హెచ్‌ఓడీ గారు అకౌంట్స్ వరసలో సిక్ లీవు కింద ఉన్న 11 మీద డబుల్ క్లిక్ చేశారట. కొత్త షీటు తెరుచుకుంది. ఆ 11 రోజులు ఎవరివి, ఏ ఏ తేదీలు, దరఖాస్తులో "కారణం" అని రాసుకున్న కాలమ్‌తో సహా వచ్చేసింది. కారణం ఇక్కడ రాయను. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఒకతను ఆ అమ్మాయిని "ఇప్పుడెలా ఉంది?" అని అడిగాడు. ఆమె నా గది దాకా వచ్చింది, ఏమీ అనలేదు, తలుపు దగ్గర కాసేపు నిలబడి వెళ్లిపోయింది.

షీటు డిలీట్ చేసినా డేటా ఎక్కడ దాక్కుంది? రేపటి నెల నుంచి ఎలా పంపాలి?

నైట్‌షిఫ్ట్_నాయుడు

బయోమెట్రిక్‌తో అన్నీ తిప్పలే మేడమ్. నా బొటనవేలు మెషిన్ తీసుకోదు, సిమెంటు పనిలో గీతలు అరిగిపోయాయి. మూడుసార్లు పెట్టి, నాలుగోసారి చూపుడువేలు పెడితే గానీ బీప్ అనదు. ముఖం చూసే మెషిన్ పెట్టించండి, గొడవ వదిలిపోతుంది.

పటాన్‌చెరు_శ్రావణి

నాయుడు గారూ, పంచింగ్ బానే పడుతోందండీ. రిపోర్టు ఎవరికి ఎంత కనబడాలన్నదే నా సమస్య.

కోడ్_బాబు

సింపుల్ అండీ. పేరు కాలమ్ తీసేసి ఎంప్లాయీ కోడ్ ఉంచండి. ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టండి. అయిపోయింది.

పేరోల్_పెద్దాయన

అయిపోలేదు బాబూ. ముందు శ్రావణి గారి మొదటి ప్రశ్నకు జవాబు చెప్తాను.

పివట్ టేబుల్ చేసినప్పుడు ఎక్సెల్ మీ రా డేటాకు ఇంకో కాపీ తీసి ఫైల్లోనే దాచుకుంటుంది. దాన్ని పివట్ క్యాష్ అంటారు. మీరు పివట్‌లో మూడు కాలమ్‌లే పెట్టుకున్నా, ఎంచుకున్న రేంజిలో ఉన్న కాలమ్‌లన్నీ అందులోకి పోతాయి. పేరు, కారణం, ఫోన్ నంబరు, ఏదుంటే అది. తర్వాత మీరు షీటు డిలీట్ చేశారు, కాపీ మాత్రం లోపలే ఉంది. డబుల్ క్లిక్ చేస్తే ఎక్సెల్ ఆ కాపీలోంచి తీసి చూపించింది. ఆ హెచ్‌ఓడీ గారు దొంగతనం ఏమీ చేయలేదు, అది ఎక్సెల్ ఇచ్చే మామూలు సౌకర్యం.

మీ పాత ఫైళ్లలో ఇది ఉందో లేదో అర నిమిషంలో తేల్చుకోవచ్చు. మెయిల్లో పంపిన ఫైలు ఒకటి కాపీ చేసుకుని, పేరు చివర .xlsx తీసేసి .zip అని పెట్టండి. తెరిస్తే ఫోల్డర్లు కనిపిస్తాయి. `xl/pivotCache` అనే ఫోల్డరు ఉండి, అందులో `pivotCacheRecords1.xml` లాంటి ఫైలు ఉంటే, డేటా మొత్తం ప్రయాణం చేసినట్టే.

పివట్ ఆప్షన్లలో `Enable show details` అని టిక్కు ఉంటుంది. అది తీసేస్తే డబుల్ క్లిక్ పనిచేయదు. కొందరు అక్కడితో ఆగిపోతారు. తలుపుకు గొళ్లెం పెట్టి తాళం మరిచిపోయినట్టు, కాపీ లోపలే ఉంటుంది, తెలిసినవాడు టిక్కు మళ్లీ పెట్టుకుంటాడు. `Save source data with file` టిక్కు కూడా తీయాలి. నన్నడిగితే పివట్‌నే బయటికి పంపకూడదు. మాక్రోలో కొత్త ఫైలు పుట్టించి, అంకెలు మాత్రం అందులో రాయించండి:

```vba
Dim v, wb As Workbook
v = ThisWorkbook.Sheets("Summary").Range("A1:C7").Value
Set wb = Workbooks.Add
wb.Sheets(1).Range("A1:C7").Value = v
wb.SaveAs "D:\Reports\HOD.xlsx"
```

కొత్త ఫైలుకు మీ రా డేటా ఎప్పుడూ తెలియదు కాబట్టి దాచడానికి ఏమీ ఉండదు. ఇక బాబు గారి కోడ్ సలహా. మీ ఎంప్లాయీ కోడ్ ఎక్కడెక్కడ ఉంటుంది శ్రావణి గారూ?

పటాన్‌చెరు_శ్రావణి

ఐడీ కార్డు మీద. లాకర్ మీద. క్యాంటీన్ కూపన్ల మీద. 😔

జిప్ చేసి చూశాను సార్. పన్నెండు నెలల ఫైళ్లూ తెరిచాను. పన్నెండింటిలోనూ ఉంది.

కోడ్_బాబు

సరే, కోడ్ నేరుగా వద్దు. దాన్ని హ్యాష్ చేసి పెట్టండి, MD5 గానీ SHA-256 గానీ. వెనక్కి తిప్పడం ఎవరి వల్లా కాదు.

పేరోల్_పెద్దాయన

వెనక్కి తిప్పక్కర్లేదయ్యా, ముందుకు తిప్పితే చాలు. నాలుగంకెల కోడ్ అంటే 0000 నుంచి 9999 దాకా పదివేలే. పదివేలకూ హ్యాష్ కట్టి పక్కపక్కన పెట్టుకోవడానికి మామూలు లాప్‌టాప్‌కు రెప్పపాటు పట్టదు. తర్వాత చూసి జత చేసుకోవడమే. రహస్య కీ కలిపి చేస్తే కొంత మేలు. కానీ అసలు ప్రశ్న వేరే ఉంది: ఆ రిపోర్టు చదివేవాడికి మనిషి మనిషికీ ఒక వరస ఎందుకు?

కోడ్_బాబు

ఒప్పుకున్నా సార్. మా ఆఫీసులో అయిదంకెలు లెండి, లక్ష. 😀 పాస్‌వర్డ్ మాట మాత్రం వదలను.

బెజవాడ_లక్ష్మి

పాస్‌వర్డ్ కూడా చెప్తాను వినండి. మా పాత కంపెనీలో పాస్‌వర్డ్ అంటే కంపెనీ పేరు, పక్కన సంవత్సరం. అందరికీ తెలుసు.

నాది హెచ్‌ఆర్ కాదు, అటువైపు మనిషిని. నాకు గర్భం నిలవలేదు. చట్టం ప్రకారం ఆరు వారాల సెలవు ఉంటుంది, తీసుకున్నాను. తిరిగొచ్చాక మా టీమ్ లీడర్‌కు వచ్చే నెల రిపోర్టులో నా పేరు పక్కన సెలవు రకం అని ఒక కోడ్ ఉంది. మామూలు ప్రసూతి సెలవుకు ఒక కోడ్, దీనికి వేరే కోడ్. కారణం కాలమ్ లేదు, పక్కాగా తీసేశారు. కానీ కోడే కారణం కదా. నేను సీటులోకి వచ్చి కూర్చునేసరికి పక్క సీటావిడ నా చెయ్యి పట్టుకుంది. మంచి మనిషే. కానీ నేను ఎవరికి చెప్పుకోవాలో నేను నిర్ణయించుకోకముందే ఆమెకు తెలిసిపోయింది.

శ్రావణి గారూ, మీ క్యాంటీన్ అమ్మాయితో మీరే వెళ్లి మాట్లాడండి. ఆమె వచ్చి అడగదు.

పటాన్‌చెరు_శ్రావణి

వెళ్తాను లక్ష్మి గారూ. రేపే.

పేరోల్_పెద్దాయన

లక్ష్మమ్మ చెప్పింది ఈ మొత్తం చర్చలో అసలు పాయింటు. ఇరవై రెండేళ్లుగా జీతాల పని చేస్తున్నాను, నేను దీన్ని ఆలస్యంగానే నేర్చుకున్నాను. ఒక పెద్ద రిపోర్టు చేసి అందులో ఇది దాచు, అది దాచు అనుకుంటే ఏదో ఒకటి జారుతుంది. ఎవరికి ఏం పని ఉందో చూసి, ఆ పనికి కావలసింది మాత్రమే ఉన్న వేరే వేరే రిపోర్టులు పుట్టించాలి.

జీతాల ఏజెన్సీ పని ఏమిటి? ఎన్ని రోజులకు డబ్బు ఇవ్వాలి, ఎన్ని రోజులు కోత. అంటే కోడ్, జీతపు రోజులు, ఎల్‌ఓపీ రోజులు. ఈఎస్‌ఐ వాళ్ల లెక్క ఉంటే అది వేరే దారిలో వెళ్తుంది. సిక్ లీవా, ఎర్న్‌డ్ లీవా అన్నది వాళ్లకు అక్కర్లేదు. రెండూ జీతం ఉన్న సెలవులే.

హెచ్‌ఓడీకి తన మనుషులు ఎవరు ఏ రోజు లేరో కావాలి. వాళ్ల పేర్లు ఆయనకు దాచడంలో అర్థం లేదు, ఎదురుగానే ఉంటారు. ఆయన రిపోర్టులో "సెలవు" అని ఉంటే చాలు, ఏ రకమో వద్దు. పక్క డిపార్ట్‌మెంటు సంగతి అసలే వద్దు. మీ మెయింటెనెన్స్ ఆయనకు అకౌంట్స్ అంకె ఎందుకు పంపారో ఆలోచించండి.

జీఎంకు ప్లాంటు మొత్తం గైర్హాజరు ఎలా ఉంది, ఏ విభాగంలో పెరుగుతోంది అన్నది కావాలి. అక్కడ పేర్లు వద్దు.

కారణం కాలమ్ మూడింటిలోనూ ఉండదు. అది సెలవు మంజూరు చేసేనాడు చూసి వదిలేసేది. డాక్టరు సర్టిఫికెట్లు మీ బీరువాలో, లేదా మీ ఇద్దరికే తెరుచుకునే ఫోల్డర్లో. మాక్రో చదివే షీటులో ఆ కాలమే ఉండకూడదు.

డల్లాస్_కిరణ్

ఇక్కడ అమెరికాలో చట్టమే అలా చెప్తుందండీ. ఉద్యోగి వైద్య కాగితాలు మామూలు పర్సనల్ ఫైల్లో పెట్టకూడదు, వేరే గోప్యమైన ఫైలు ఉండాలి. మేనేజరుకు పనిలో ఏ పరిమితులు పాటించాలో చెప్తారు, జబ్బు పేరు చెప్పరు. మా టీమ్‌లో ఒకతను మూడు నెలలు రాలేదు, ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

చట్టం_చంద్రం

ఇండియాలో కూడా డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది కదా, 2023లో. ఉద్యోగి అనుమతి రాసివ్వకుండా హాజరు డేటా ముట్టుకోకూడదు. శ్రావణి గారూ, ముందు 144 మందితో సంతకాలు పెట్టించుకోండి. లేకపోతే 250 కోట్ల జరిమానా.

పేరోల్_పెద్దాయన

చంద్రం గారూ, భయపెట్టకండి. ఆ చట్టం ఏడో సెక్షన్‌లో ఉద్యోగ అవసరాల కోసం వాడుకోవడానికి విడిగా అనుమతి అక్కర్లేదని ఉంది. హాజరు చూసి జీతం వేయడానికి సంతకాలు ఎందుకు? 250 కోట్లు గరిష్ఠం, అదీ డేటాకు తగిన రక్షణ పెట్టనందుకు. రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకు పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు.

మీరన్న దాంట్లో సగం నిజం ఉంది. జీతం కోసం తీసుకున్న డేటా క్యాంటీన్ దాకా వెళ్లడం "ఉద్యోగ అవసరం" కాదు. సంతకం పెట్టించుకున్నా అది ఒప్పు అయిపోదు. పైగా 2011 నాటి ఐటీ రూల్స్‌లోనే ఆరోగ్య వివరాలు, బయోమెట్రిక్ రెండూ సున్నితమైన సమాచారం కిందికి వస్తాయి.

చట్టం_చంద్రం

ఏడో సెక్షన్ నేను చదివిన తీరు వేరు. సరే, దాని మీద విడిగా మాట్లాడుకుందాం.

పటాన్‌చెరు_శ్రావణి

పెద్దాయన గారూ, మూడు రిపోర్టుల మాట బాగుంది. ఏజెన్సీది, హెచ్‌ఓడీలది నిన్న రాత్రే విడదీశాను. జీఎం గారి దగ్గర ఆగిపోయాను. ఆయనకు డిపార్ట్‌మెంటు వారీగా సిక్ లీవు కావాలి, వానాకాలంలో జ్వరాలు ఎక్కడ ఎక్కువో చూస్తారు. పోయిన నెలది ఇదీ:

ప్రొడక్షన్ 92 మంది, 31 రోజులు
క్వాలిటీ 24 మంది, 9 రోజులు
మెయింటెనెన్స్ 17 మంది, 7 రోజులు
స్టోర్స్ 8 మంది, 6 రోజులు
అకౌంట్స్ 3 మంది, 11 రోజులు
మొత్తం 144 మంది, 64 రోజులు

అకౌంట్స్‌లో ముగ్గురే. ఇద్దరు నెలంతా వచ్చారని అందరికీ తెలుసు. పేరు లేకపోయినా 11 అంటే ఆమే. ఆ ఒక్క గడిలో గీత పెట్టేస్తే చాలా?

పేరోల్_పెద్దాయన

చాలదు. 31, 9, 7, 6 కలిపితే 53. కింద మొత్తం 64 అని మీరే రాశారు. 64లోంచి 53 పోతే 11. గీత పెట్టి "ఇక్కడ చూడండి" అని వేలు చూపించినట్టు అవుతుంది.

ఒక గడి దాస్తే ఇంకో గడి కూడా దాయాలి, లేదా చిన్నవాటిని కలిపేయాలి. నేను కలపడం వైపే. అయిదుగురి కంటే తక్కువ ఉన్న విభాగాన్ని దాని తర్వాతి చిన్నదానితో కలపండి. మీ దగ్గర అకౌంట్స్, స్టోర్స్ కలిపి 11 మంది, 17 రోజులు. మా అబ్బాయి మా ఆఫీసుకు రాసిచ్చిన ఫంక్షన్ ఇది, గూగుల్ షీట్స్ స్క్రిప్టులో నడుస్తుంది, మీరు మాక్రోలోకి మార్చుకోవచ్చు:

```javascript
function mergeSmall(depts, min) {
  const s = depts.slice();
  const bySize = (a, b) => a.count - b.count;
  s.sort(bySize);
  while (s.length > 1 && s[0].count < min) {
    const a = s.shift();
    s[0] = { name: a.name + '+' + s[0].name,
             count: a.count + s[0].count,
             sl: a.sl + s[0].sl };
    s.sort(bySize);
  }
  return s;
}
```

`min` దగ్గర 5 పెట్టండి.

స్టోర్స్_సూరి

పెద్దాయన గారికి నమస్కారం. నేను వేరే కంపెనీలో స్టోర్స్ ఇన్‌చార్జిని. ఈ చర్చ అనుకోకుండా చూశాను. ఒక చిన్న డౌటు.

స్టోర్స్, అకౌంట్స్ కలిపి 17 అని మీరు వేశారు. ఆ కాగితం మీటింగులో ప్రొజెక్టర్ మీద వేస్తారు, మా దగ్గర వేస్తారు. నా ఎనిమిది మందిలో ఎవరు ఎన్ని రోజులు జ్వరమని పడుకున్నారో నాకు తెలుసు, ఫోన్ చేసేది నాకే. ఆరు. 17లోంచి నా ఆరు తీసేస్తే మళ్లీ 11 వచ్చింది కదా?

కోడ్_బాబు

సూరన్నా 👏

పేరోల్_పెద్దాయన

సూరి గారూ, మీరు నన్ను పట్టేశారు. ఇద్దరినే కలిపితే ఒకడు తన లెక్క తీసేసి రెండోవాడిది కనుక్కుంటాడు. ఇన్నేళ్లలో ఇది నాకు తట్టలేదు, ఎందుకంటే మా దగ్గర ఆ కాగితం డైరెక్టరు గారి గది దాటి రాదు.

కనీసం మూడు విభాగాలు కలవాలి, అందులో ఏ ఒక్కటీ మిగతావాటిని మింగేసేంత పెద్దది కాకూడదు. శ్రావణి గారి లెక్కలో మెయింటెనెన్స్ కూడా కలిపితే 28 మంది, 24 రోజులు. సూరి గారి లాంటి ఆయన ఆరు తీసేస్తే 18 మిగులుతుంది, అది ఇరవై మందిది. ఇక ఎవరిదని చెప్పలేడు. ఇద్దరు హెచ్‌ఓడీలు కూర్చుని మాట్లాడుకుంటే మాత్రం మళ్లీ తెలుస్తుంది, దానికి ఏ ఫార్ములా లేదు.

పైన ఇచ్చిన ఫంక్షన్‌ను కూడా నెలనెలా దానంతటదే కలపనివ్వకండి. ఈ నెల స్టోర్స్ విడిగా, వచ్చే నెల కలిపి వస్తే, ఏప్రిల్ నుంచి ఇప్పటివరకు అని వేసే మొత్తాల్లోంచి తీసివేతలతో చిన్న విభాగం అంకె బయటపడుతుంది. ఏ విభాగాలు కలవాలో ఏడాదికి ఒక్కసారి చేత్తో నిర్ణయించి, ఒక షీటులో రాసుకుని, మార్చి దాకా కదపకండి.

పటాన్‌చెరు_శ్రావణి

రాసుకున్నాను. "ప్రొడక్షన్", "క్వాలిటీ", "ఇతరములు". మూడే వరసలు. జీఎం గారు ఏమంటారో చూడాలి.

నైట్‌షిఫ్ట్_నాయుడు

మేడమ్, ఈసారి సరిగ్గా చదివాను. ఒకటో తారీఖు పొద్దున ఆరింటికి రిపోర్టు నడుస్తుందన్నారు. మీ దగ్గర సి షిఫ్టు ఉందా?

పటాన్‌చెరు_శ్రావణి

ఉంది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు.

నైట్‌షిఫ్ట్_నాయుడు

అయితే 31 రాత్రి లోపలికి వెళ్లినవాడు ఒకటో తారీఖు ఆరూ అయిదుకు బయటికి పంచ్ కొడతాడు. మీ రిపోర్టు అయిదు నిమిషాల ముందే వెళ్లిపోతుంది. ఆ రోజు వాడికి ఇన్ ఉంది, అవుట్ లేదు. మా దగ్గర ఇలాగే ప్రతి నెలా చివరి రాత్రి డ్యూటీ చేసినవాళ్లందరికీ అరరోజు కోత పడేది. జీతం వచ్చాక అడిగితే "రెగ్యులరైజ్ చేయండి" అనేవారు. ఒక అరరోజు కోసం ఫారం నింపి, ముగ్గురి సంతకాలు పెట్టించి, వచ్చే నెల దాకా ఆగాలి. చాలామంది వదిలేసేవారు.

పేరోల్_పెద్దాయన

నాయుడు, శభాష్. పంచ్ పడిన తేదీ వేరు, షిఫ్టు తేదీ వేరు. సి షిఫ్టు మనిషికి మధ్యాహ్నం పన్నెండులోపు పడిన అవుట్ పంచ్ ముందు రోజు లెక్కలోకి వెళ్లాలి. చాలా బయోమెట్రిక్ సాఫ్ట్‌వేర్లలో షిఫ్టు సెట్టింగులో రోజు ఎక్కడ మారాలో పెట్టుకునే చోటు ఉంటుంది, అర్ధరాత్రి అని వదిలేస్తారు. అది సరిచేసినా ఒకటో తారీఖు ఆరింటికి డేటా పూర్తి కాదు. ఒకటిన మీ ఇద్దరికే ఒక చిత్తు ప్రతి రావాలి, అందులో ఇన్ ఉండి అవుట్ లేనివాళ్ల జాబితా ఉండాలి. రెండున వాళ్లను అడిగి సరిచేయండి. మూడున బయటికి పంపే రిపోర్టు. ఏడులోపు జీతం పడాలి కాబట్టి ఏజెన్సీకి సమయం సరిపోతుంది.

ఇందులో కూడా మన విషయమే ఉంది. తప్పు రిపోర్టు ముందే అందరికీ వెళ్లిపోతే, దాన్ని దిద్దుకోవడానికి ఉద్యోగి "ఆ రోజు ఆసుపత్రి నుంచి ఆలస్యంగా వచ్చాను" అని అందరూ ఉన్న మెయిల్లోనే జవాబు రాస్తాడు. నేను చూశాను.

గుంటూరు_గోపి

ఒక మాట నేనూ కలుపుతాను. మా దగ్గర మెయిల్ ఐడీలు మాక్రోలోనే రాసి పెట్టారు. క్వాలిటీ మేనేజరు గారు ఇంకో యూనిట్‌కు బదిలీ అయి వెళ్లారు. ఏడు నెలలు ఆయనకు పాత టీమ్ హాజరు వెళ్తూనే ఉంది, కొత్త మేనేజరుకు వెళ్లలేదు. ఇద్దరూ ఏమీ అనలేదు! ఒకాయనకు అవసరం లేదు, ఇంకొకాయన రిపోర్టు ఉంటుందనే తెలియదు. ఆడిట్ వాళ్లు అడిగితే బయటపడింది.

ఇప్పుడు పంపే రోజున ఉద్యోగుల మాస్టర్‌లో చూసి, ఆ విభాగానికి ఇవాళ హెచ్‌ఓడీ ఎవరో అప్పుడే తీసుకుంటుంది. ఎవరూ దొరక్కపోతే పంపడం ఆపేసి హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ కొడుతుంది. మొదట్లో అలా దొరక్కపోతే "అందరికీ" అనే గ్రూపుకు పంపేలా రాశారండీ మహానుభావులు.

కోడ్_బాబు

గూగుల్ షీట్స్ వాడేవాళ్లకు ఒకటి. `IMPORTRANGE` తో ఒక షీటులోంచి ఇంకోదానికి రెండు కాలమ్‌లే తెచ్చుకున్నాం, సేఫ్ అనుకోకండి. ఒకసారి అనుమతి ఇచ్చాక, ఆ రెండో షీటును ఎడిట్ చేయగలిగే ఎవరైనా ఫార్ములా మార్చి మొదటి ఫైల్లోని ఏ భాగాన్నైనా లాక్కోవచ్చు. ఇది నేను స్వయంగా తిన్న దెబ్బ. హెచ్‌ఓడీలకు వ్యూ మాత్రమే ఇవ్వండి, లేదా స్క్రిప్టుతో అంకెలు రాయించండి.

పటాన్‌చెరు_శ్రావణి

ఈ నెల ఎలా జరిగిందో చెప్తాను.

ఒకటిన చిత్తు ప్రతి మాకిద్దరికే వచ్చింది. నాయుడు గారు చెప్పినట్టే, సి షిఫ్టులో 13 మందికి అవుట్ లేదు. సెట్టింగు మార్చి మళ్లీ నడిపితే ఇద్దరు మిగిలారు, వాళ్లు నిజంగానే పంచ్ మరిచిపోయారు. మూడున రిపోర్టులు వెళ్లాయి. జిప్ చేసి చూశాను, `pivotCache` లేదు. పాత పన్నెండు ఫైళ్లు మా షేర్డ్ ఫోల్డర్లోంచి తీసేశాను. హెచ్‌ఓడీల మెయిల్ బాక్సుల్లో ఉన్నవి డిలీట్ చేయమని ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి అడిగాను, ఎదురుగా చేయించాను. ఇద్దరు ఫోన్లో కూడా దించుకున్నారు. అంతకంటే నేను చేయగలిగింది కనబడలేదు.

ఆ అమ్మాయితో మాట్లాడాను లక్ష్మి గారూ. ఏం జరిగిందో, ఎవరు చూశారో, ఏం మార్చానో ఉన్నదున్నట్టు చెప్పాను. "ఇక నుంచి కారణం దగ్గర ఏం రాయాలి?" అని అడిగింది. "సొంత పని" అని రాస్తే చాలని చెప్పాను, సర్టిఫికెట్ ఉంటే నా చేతికిమ్మన్నాను.

జీఎం గారు మూడు వరసల కాగితం చూసి సరేనన్నారు. తర్వాత అడిగారు, "ఏడాదిలో సిక్ లీవు ఎక్కువ వాడిన పది మంది పేర్లు ఒక లిస్టు పంపమ్మా, ఎందుకో కాదు, ఊరికే చూద్దామని." ఏం చెప్పాలో తోచక, రేపు చెప్తాను సార్ అన్నాను.

పేరోల్_పెద్దాయన

ఆ లిస్టుతో ఏం చేద్దామనుకుంటున్నారో అడగండి. ఏదైనా చర్య కోసమైతే ఒక్కొక్కరి ఫైలు మీ దగ్గరే కూర్చుని చూడొచ్చు, మెయిల్లో వద్దు. ఊరికే అయితే ఊరికే పంపకూడదు.

చట్టం_చంద్రం

జీఎం అడిగితే ఇవ్వక తప్పదండీ, ఆయన కూడా యాజమాన్యమే. ఏ అధికారంతో కాదంటారు?

బెజవాడ_లక్ష్మి

ఆ పది మందిలో నేనూ ఉండేదాన్ని చంద్రం గారూ, ఆ ఏడాది.

స్టోర్స్_సూరి

పేర్లు కాకుండా, ఎంతమంది పన్నెండు రోజులు దాటారు అనే అంకె ఇచ్చి చూడండి మేడమ్. చాలామంది పెద్దవాళ్లకు కావలసింది అదే, అడగడం మాత్రం పేర్లతో అడుగుతారు.

పటాన్‌చెరు_శ్రావణి

రేపు పదింటికి సారు గదికి వెళ్తున్నాను. సూరి గారి అంకె తీసి పెట్టుకున్నాను, తొమ్మిది మంది. ఏ విభాగం వాళ్లో రాయలేదు.